పంచ్ తర్వాత పన్నెండు ఫ్రేములు

ఒక చిన్న సీను అనుకుందాం. పొద్దున్న పది గంటలు. హాల్లో తాతయ్య పడక్కుర్చీలో కూర్చుని పేపరు చదువుతున్నాడు. నాయనమ్మ చాప మీద కూర్చుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తోంది. మనవడు ఓ మూల హోంవర్కు రాసుకుంటున్నాడు. కోడలు వంటింట్లోంచి ఒక డబ్బా పట్టుకుని వచ్చింది. ఆత్రేయపురం నుంచి ఎవరో తెచ్చిన పూతరేకుల డబ్బా అది.

"మామయ్యగారూ, డబ్బాలో పూతరేకులు తగ్గాయండీ. ఎవరు తీశారో చూశారా?"

తాతయ్య పేపర్లోంచి తల ఎత్తడు. "నాకేం తెలుసమ్మా? షుగరని డాక్టరు చెప్పిన దగ్గర్నుంచి నేను తీపి ముట్టుకోవట్లేదుగా. పిల్లాడే తినుంటాడు, ఆ మూడూ."

కోడలు ఎన్ని తగ్గాయో చెప్పలేదు. జోకంతా అదే. కాగితం మీద చదివితే చిన్న నవ్వు వస్తుంది. తెర మీద ఇదే సీనుకు హాలంతా గొల్లుమనొచ్చు, లేదా ఒక్కరూ నవ్వకపోవచ్చు. నటులు వాళ్లే, మాటలు అవే, కెమెరా పెట్టిన చోటూ అదే. తేడా ఎక్కడుందని చూస్తే, "మూడూ" అన్న మాట తర్వాత వచ్చే నాలుగైదు సెకన్లలో ఉంటుంది. ఆ సెకన్లలో ఎవరి ముఖం చూపించారు, ఎంతసేపు చూపించారు, ఎప్పుడు వదిలేశారు అన్నది ఎడిటర్ పని. ఈ సీను నేను వివరించడం కోసం అల్లినది. అయితే దీన్ని కోసేటప్పుడు వచ్చే చిక్కులు ఏ కామెడీ సీనులోనైనా వచ్చేవే.

షూటింగు నుంచి ఎడిటర్ బల్ల మీదకు వచ్చే సరుకు ఇలా ఉంటుంది. హాలంతా, నలుగురూ కనపడే వైడ్ షాట్ ఒకటి. తాతయ్య నడుము పైనుంచి కనపడే మిడ్ షాట్. కోడలికీ పిల్లాడికీ విడివిడిగా క్లోజులు. నాయనమ్మ మీద ఒక మిడ్. ఒక్కో షాటుకు మూడో నాలుగో టేకులు. సీను మొత్తం నిమిషం లోపే అయినా, రషెస్ అరగంట దాకా ఉంటాయి.

మొదటి నిర్ణయం కత్తెర పట్టకముందే వస్తుంది. తాతయ్య వేసిన నటుడు మొదటి రెండు టేకుల్లో స్క్రిప్టులో ఉన్నట్టే "ఆ మూడూ పిల్లాడే తినుంటాడు" అన్నాడనుకుందాం. నాలుగో టేకులో, మాట దొర్లుడులో, "పిల్లాడే తినుంటాడు, ఆ మూడూ" అన్నాడు. నటన పరంగా రెండో టేకే బావుండొచ్చు. అయినా నేను నాలుగోదే తీసుకుంటాను. రెండో టేకులో "మూడూ" అన్న మాట వినపడ్డాక ఇంకా రెండు మాటలు మిగిలి ఉన్నాయి. ప్రేక్షకుడు ఆ రెండు మాటలూ వినాలి కాబట్టి, ఇందాక వినపడిన "మూడు"ను పట్టుకోవడానికి తీరిక ఉండదు. నాలుగో టేకులో దొరికిపోయే మాటే ఆఖర్న పడింది. దాని తర్వాత నిశ్శబ్దం. మన మాటల్లో క్రియ తర్వాత కూడా ఓ ముక్క తగిలించి మాట్లాడటం ఇంట్లో రోజూ చేసేదే కాబట్టి అది కృతకంగానూ ఉండదు. జోకును తిప్పే మాట వాక్యం చివర్లో ఉన్న టేకు దొరికితే సగం పని అయిపోయినట్టే. దొరకకపోతే, తాతయ్య ముఖం కనపడని షాటు మీద డబ్బింగులో ఆ మాటల వరస మార్చి చెప్పించవచ్చు. పేపరు అడ్డంగా ఉంది కాబట్టి ఈ సీనులో అది చాలా తేలిక.

ఇప్పుడు మొదటి కట్. కొత్తగా పనిలోకి వచ్చినవాళ్లు దాదాపు అందరూ ఒకేలా కోస్తారు. తాతయ్య "మూడూ" అనగానే టక్కున కోడలి క్లోజ్. ఆమె కళ్లు పెద్దవి చేసింది. ఒక సెకను. టక్కున పిల్లాడు, నోరు తెరిచాడు. ఒక సెకను. నాయనమ్మ చెయ్యి ఆగింది. ఒక సెకను. మళ్లీ తాతయ్య, నాలుక కరుచుకున్నాడు. ఆపైన కోడలి డైలాగు: "మూడని నేను చెప్పలేదే మామయ్యగారూ!" తీసిన షాట్లన్నీ వాడేశారు, వేగంగా ఉంది, చూడ్డానికి కామెడీ సీనులాగే ఉంది. కానీ ఎవరికీ నవ్వు రాదు.

దీనిలో రెండు తప్పులున్నాయి. ఒకటి, మాట పూర్తయిన క్షణంలోనే కట్ పడింది. కొత్త షాటు రాగానే ప్రేక్షకుడి కన్ను ఎవరు, ఎక్కడ, ఏం చేస్తున్నారు అని వెతుక్కోవడం మొదలుపెడుతుంది. అది క్షణంలో అయిపోయే పనే. కానీ సరిగ్గా ఆ క్షణంలోనే అతని బుర్ర ఇంకో పని చెయ్యాలి. "మూడూ" అని విన్నది పట్టుకుని, వెనక్కి వెళ్లి, కోడలు అడిగిన ప్రశ్నలో ఆ అంకె ఉందో లేదో చూసుకుని, లేదని తేల్చుకోవాలి. కంటికి పని పెట్టి ఆ పనిని ఎడిటరే చెడగొట్టాడు. రెండో తప్పు, నాలుగు ముఖాలూ ఒకే మాట చెబుతున్నాయి. "అయ్యో, దొరికిపోయాడు" అని కోడలి ముఖం చెప్పాక, అదే సంగతి పిల్లాడి ముఖంతో, నాయనమ్మ చేత్తో మళ్లీ మళ్లీ చెప్పిస్తే మొదటి ముఖానికున్న విలువ కూడా పోతుంది. రియాక్షన్ షాటుకు నేను పెట్టుకునే షరతు ఒక్కటే. ఆ ముఖం మనకు తెలియని కొత్త సంగతి ఏదైనా చెప్పాలి. చెప్పనప్పుడు ఎంత మంచి నటన అయినా పక్కన పెట్టాలి.

కాబట్టి రెండో కట్‌లో మాట అయిపోయాక తాతయ్య మీదే ఉండిపోదాం. ఎంతసేపు? సినిమాలో సెకనుకు 24 ఫ్రేములు. నేను పన్నెండుతో, అంటే అర సెకనుతో మొదలుపెడతాను. ఆ అర సెకనులో తాతయ్య ఏమీ ఎరగనట్టు నిమ్మళంగా పేజీ తిప్పుతున్నాడు. తను దొరికిపోయానని అతనికి ఇంకా తెలీదు. ప్రేక్షకుడికి అప్పుడప్పుడే తెలుస్తోంది. ఆ ముఖంలోని ధీమా మీద ఈ తెలియడం జరగడమే నవ్వుకు మూలం. నాలుగు ఫ్రేములకే కట్ చేస్తే, చురుకైనవాళ్లు తప్ప మిగతావాళ్లకు అందదు. ముప్ఫై ఆరు ఫ్రేములు, అంటే సెకనున్నర ఉంచితే అందరికీ అందుతుంది. కానీ అందాక కూడా షాటు కదలకపోతే "ఇప్పుడు నవ్వండి" అని సినిమా తమను అడుగుతున్నట్టు జనానికి అనిపిస్తుంది. అడిగితే ఎవరూ నవ్వరు. పన్నెండు అన్నది సూత్రం కాదు. ఈ నటుడు పేజీ తిప్పే వేగాన్ని బట్టి అది తొమ్మిది కావచ్చు, పదిహేను కావచ్చు. ఒక్కో ఫ్రేము తీస్తూ, కలుపుతూ, మళ్లీ మొదటి మాట నుంచి ప్లే చేసి చూసుకోవాలి. కట్ దగ్గర రెండు సెకన్లు మాత్రమే ప్లే చేసి చూస్తే ఏదైనా బాగానే ఉన్నట్టు కనపడుతుంది. నిడివి సరిపోయిందో లేదో కోడలు గుమ్మంలోకి వచ్చిన దగ్గర్నుంచి చూస్తేనే తెలుస్తుంది.

తర్వాత కోడలి క్లోజ్. ఆమె మూడు టేకులు ఇచ్చింది. ఒకదానిలో కళ్లు పెద్దవి చేసింది. ఇంకోదానిలో ఒక కనుబొమ్మ ఎత్తింది. మూడోది ఇంకాస్త ఎక్కువ చేసింది. మూడింటిలోనూ ఆమె నవ్వించడానికి చూస్తోంది. నాకు కావలసిన ముఖం ఆ టేకుల్లో లేదు. డైరెక్టరు యాక్షన్ అనకముందు, కెమెరా అప్పటికే తిరుగుతుండగా, పక్కన ఎవరో ఏదో చెబుతుంటే ఆమె వింటూ ఊరికే ఉన్న ముఖం ఉంది. రెప్ప వేసి, డబ్బా వైపు చూసి, మళ్లీ తల ఎత్తింది. అంతే. ఆ ముక్క తీసి ఇక్కడ పెడితే, ఆమె డబ్బాలోని ఖాళీ చూసి, మూడు లెక్కపెట్టుకుని, మామగారి వైపు చూసినట్టు ఉంటుంది. ఆ క్షణంలో ఆమె మనసులో పూతరేకులు లేవు, మామగారూ లేడు. అర్థమంతా ముందు షాటు నుంచి వచ్చింది.

దీనికి వందేళ్ల చరిత్ర ఉంది. రష్యా దర్శకుడు లెవ్ కులెషోవ్, మొజ్జూకిన్ అనే నటుడి ముఖం ఒకటే తీసుకుని, దాని పక్కన సూపు గిన్నె ఒకసారి, శవపేటిక ఒకసారి, ఓ యువతి ఒకసారి పెట్టి చూపించాడు. జనం ఆ ముఖంలో ఆకలినీ, దుఃఖాన్నీ, కోరికనూ చూశారని చెబుతారు. హిచ్‌కాక్ ఒక టీవీ ఇంటర్వ్యూలో ఇదే సంగతిని తన ముఖంతోనే చూపించాడు. అతను చూస్తాడు. తల్లీ బిడ్డా కనపడతారు. అతను చిరునవ్వు నవ్వుతాడు. మంచి పెద్దమనిషి అనుకుంటాం. మధ్యలో తల్లీబిడ్డల షాటు తీసేసి బికినీ వేసుకున్న అమ్మాయిని పెడితే, అదే నవ్వు, అదే ముఖం, ఈసారి ముసలాడి బుద్ధి మీద మనకు అనుమానం వస్తుంది. కామెడీ ఎడిటర్‌కు ఇది రోజువారీ పనిముట్టు. ఖాళీగా ఉన్న ముఖాన్ని ప్రేక్షకుడు తన ఆలోచనతో నింపుకుంటాడు. తను నింపుకున్నది తన సొంతం కాబట్టి నవ్వు కూడా గట్టిగా వస్తుంది. ముందే పొంగిపోయిన ముఖం ఇస్తే అతనికి నింపుకోవడానికి చోటు ఉండదు.

తెలుగువాళ్లకు బ్రహ్మానందం ముఖాలు ఇంతగా అతుక్కుపోవడం వెనక కూడా ఈ సంగతి ఉందని నా నమ్మకం. ఆయన రియాక్షన్లను జనం సినిమాలోంచి కోసి, వేరే ఏ సందర్భం పక్కన పెట్టినా అతుకుతున్నాయి. రాజకీయాల పక్కన, క్రికెట్ పక్కన, పరీక్ష ఫలితాల పక్కన. మీమ్ చేసే కుర్రాడు చేస్తున్నది కులెషోవ్ చేసిన పనే. 1987లో వచ్చిన జంధ్యాల గారి "అహ నా పెళ్లంట"లో కోట శ్రీనివాసరావు కోడిని పైన వేలాడదీసి, దాన్ని చూస్తూ ఉత్త అన్నం తినే సన్నివేశం అందరికీ గుర్తుంది. అక్కడ నవ్వు పుట్టేది కోడికీ కంచానికీ మధ్య తిరిగే ఆ చూపులో. పిసినారితనాన్ని తమాషాగా కాక, భోజనమంత గంభీరంగా చేశాడాయన. ముఖం ఎంత గంభీరంగా ఉంటే మనకు అంత నవ్వు.

మన సీనులో కోడలి ముఖం మీద ముప్ఫై ఫ్రేములు ఉంచుదాం. తాతయ్య షాటు తోక కంటే ఇది రెండింతలకు పైగా ఎక్కువ. ప్రేక్షకుడు తన అనుమానం నిజమని తేల్చుకునే చోటు ఇదే. నవ్వు ఇక్కడ మొదలవ్వాలి.

పిల్లాడి సంగతి? దొంగతనం మోపింది వాడి మీద. వాడి క్లోజ్ వాడకపోతే అన్యాయమని డైరెక్టరు అంటాడు. వాడి ముఖం కోడలి కంటే ముందు పెట్టి చూస్తే, సీను వేరే దారి పట్టింది. ప్రేక్షకుడికి పిల్లాడి మీద జాలి కలిగింది, తాతయ్య మీద కాస్త కోపం కూడా వచ్చింది. కోడలి తర్వాత పెడితే, మొదటి కట్‌లో జరిగిన పొరపాటే మళ్లీ జరిగింది, తెలిసిన సంగతినే రెండోసారి చెప్పినట్టయింది. అందుకని పిల్లాడికి క్లోజ్ ఇవ్వను. వాడు తర్వాత వచ్చే వైడ్‌లో ఉన్నాడు. పెన్సిలు ఆపి తల ఎత్తాడు. చూసేవాళ్లు చూస్తారు.

ఆ వైడ్ షాటే ఈ సీనుకు ప్రాణం. కోడలి ముఖం నుంచి నేరుగా హాలు మొత్తానికి వస్తాం. ఆమె నిలబడే ఉంది. పిల్లాడు చూస్తున్నాడు. నాయనమ్మ చిక్కుడుకాయలు ఆపలేదు. తాతయ్య కళ్లు పేపరు మీద ఒక చోట ఆగిపోయాయి. తర్వాత ఆ పేపరు, మెల్లగా, అతని గడ్డం దాటి, ముక్కు దాటి, కళ్లజోడు దాటి పైకి లేచింది. ఇది నాలుగు సెకన్లు. దీనిలో ఒక్క కట్ కూడా వెయ్యకూడదు. పేపరు లేస్తున్నప్పుడు తాతయ్య క్లోజులోకి వెళ్లాలని చెయ్యి పీకుతుంది. వెళ్తే కోడలు ఫ్రేములో ఉండదు. దాక్కుంటున్నవాడినీ, ఎవరి నుంచి దాక్కుంటున్నాడో ఆ మనిషినీ ఒకేసారి చూడటంలోనే నవ్వుంది. విడదీస్తే ఒక ముసలాయన పేపరు ఎత్తుకున్నాడు, అంతే.

శరీరంతో చేసే కామెడీకి ఇది మరీ వర్తిస్తుంది. బస్టర్ కీటన్ 1928లో చేసిన "స్టీంబోట్ బిల్ జూనియర్"లో ఇంటి ముందు గోడ మొత్తం అతని మీద పడుతుంది. అతను నిలబడ్డ చోటికి సరిగ్గా పై అంతస్తు కిటికీ ఖాళీ వచ్చి, గోడ నేలకూలినా అతను చెక్కుచెదరకుండా నిలబడే ఉంటాడు. అది నిజంగా పడ్డ గోడ, ఒకటే షాటు. మధ్యలో కీటన్ ముఖం క్లోజ్ పెట్టి ఉంటే గోడ నిజంగా పడిందన్న నమ్మకం అక్కడే పోయేది. రియాక్షన్ షాటు ఎంత గొప్ప పనిముట్టో, అది లేకపోవడం కూడా కొన్నిచోట్ల అంత గొప్పది.

ఇక "మూడని నేను చెప్పలేదే మామయ్యగారూ!" అన్న డైలాగు. స్క్రిప్టులో ఉంది, నటి బాగా చెప్పింది. వైడ్ షాటు పనిచేస్తే ఈ డైలాగు తీసెయ్యాలి. జోకును విప్పి చెప్పే మాట అది. నవ్వినవాడికి అవసరం లేదు, నవ్వనివాడికి పనికిరాదు. కానీ తీసేసి నలుగురికి చూపిస్తే సగం మందికి అర్థం కాలేదనుకోండి. అప్పుడు చాలామంది చేసే పని, ఆ డైలాగు తిరిగి పెట్టడం. నేనైతే సీను మొదటికి వెళ్తాను. కోడలు "డబ్బాలో పూతరేకులు తగ్గాయండీ" అన్నప్పుడు కెమెరా ఎవరి మీద ఉంది? తాతయ్య మీద ఉంటే, ప్రేక్షకుడు తాతయ్యను చూస్తూ ఆ మాటను సగమే విన్నాడు. వెనక కుక్కరు విజిలో, టీవీ చప్పుడో "తగ్గాయి" మీద పడిందా? ఎన్ని తగ్గాయో ఆమె చెప్పలేదన్న సంగతి చెవికి శుభ్రంగా అందకపోతే, తర్వాత ఏ పాజూ దాన్ని కాపాడలేదు. పంచ్ పేలలేదని ఫిర్యాదు వచ్చిన చోట, నేను చూసినంతలో, రోగం ఎక్కువసార్లు పంచ్ దగ్గర ఉండదు. దానికి ముందు, సంగతి నాటే చోట ఉంటుంది. కాబట్టి ప్రశ్న మొత్తం కోడలి ముఖం మీదే ఉంచి, కుక్కరు విజిల్‌ను ఆమె మాట్లాడకముందుకు జరిపి, మధ్యలో కట్ లేకుండా వదిలేస్తాను. నవ్వు అవసరం లేని చోట ఇంత నెమ్మది ఎందుకని ఎవరైనా అడగొచ్చు. జోకుకు పెట్టుబడి అక్కడే పెట్టాలి.

పేపరు పూర్తిగా లేచి తాతయ్య ముఖం కనపడకుండా పోయాక, నాయనమ్మ తల ఎత్తకుండా ఒక్క మాట అంటుంది.

"నాలుగు."

ఒక జోకు మీద ఇంకో జోకు ఎక్కించే ఇలాంటి మాట ఎప్పుడు రావాలన్నది వేరే లెక్క. ఇక్కడ ఎడిటర్‌కు కనపడని నటుడొకడు ఉన్నాడు, ప్రేక్షకుడు. పేపరు లేస్తుంటే హాలు నవ్వుతోంది. ఆ నవ్వు నడిమధ్యన "నాలుగు" వస్తే ఎవరికీ వినపడదు. నవ్వంతా ఆగి నిశ్శబ్దమయ్యాక వస్తే, మొదటి నవ్వు వేడి చల్లారిపోయి ఉంటుంది, మళ్లీ సున్నా నుంచి మొదలుపెట్టాలి. నవ్వు తగ్గుముఖం పట్టినప్పుడు రావాలి. కానీ ఎడిట్ గదిలో ఆ నవ్వు లేదు. ఇంకా పుట్టని శబ్దం ఎంతసేపు ఉంటుందో ఊహించి కొయ్యాలి.

హాలీవుడ్‌లో కొందరు దీన్ని ఊహకు వదలలేదు. 1935లో మార్క్స్ సోదరుల "ఎ నైట్ ఎట్ ది ఒపేరా" తియ్యకముందు, ఎంజీఎంలో ఇర్వింగ్ థాల్‌బర్గ్ వాళ్లను సీన్లతో సహా ఊళ్ల మీదకు పంపాడు. నాటకంలా స్టేజి మీద ఆడించి, ఏ జోకుకు నవ్వు వస్తోందో, ఎంతసేపు నిలుస్తోందో రాసుకున్నారు. నవ్వని జోకులు తీసేశారు, నవ్వినచోట తర్వాతి మాట వినపడేలా ఖాళీ ఉంచారు. లారెల్ హార్డీ సినిమాలను హాళ్లలో ముందుగా ప్రదర్శించి, జనం నవ్వే తీరు చూసి, మళ్లీ ఎడిటింగ్ టేబుల్ దగ్గరకు తెచ్చేవారు. స్టాన్ లారెల్ స్వయంగా కూర్చునేవాడు. తన తెలివితక్కువ పనికి విసిగిపోయి ఆలివర్ హార్డీ కెమెరా వైపు, అంటే మన వైపు, చూసే చూపు ఉందే, దాని నిడివి నవ్వును బట్టి పెరిగేది, తగ్గేది. చూపు పని రెండు రకాలు. అది మనతో హార్డీ బాధ పంచుకుంటుంది, నవ్వు ఆగేదాకా సినిమాను ఆపి ఉంచుతుంది.

ఇలా ఉంచిన ఖాళీకి ఒక ప్రమాదం ఉంది. మార్క్స్ సోదరుల సినిమాను ఇప్పుడు ఇంట్లో ఒక్కరే చూస్తే, కొన్ని జోకుల తర్వాత నటులు ఎవరికోసమో ఎదురుచూస్తున్నట్టు ఉంటుంది. వాళ్లు ఎదురుచూస్తున్నది 1935 నాటి హాలు నవ్వు కోసం. బిల్లీ వైల్డర్ 1959లో "సమ్ లైక్ ఇట్ హాట్"లో దీనికి చక్కని మందు కనిపెట్టాడు. ఆడవేషంలో ఉన్న జాక్ లెమన్, తనకు ఒక ముసలి కోటీశ్వరుడితో నిశ్చితార్థం అయిందని సంబరంగా స్నేహితుడికి చెప్పే సీను అది. మాట మాటకూ హాలు నవ్వుతుందని వైల్డర్‌కు తెలుసు. ఉత్త పాజులు పెట్టకుండా లెమన్ చేతికి మరకాస్, అంటే గింజలు పోసిన గిలక్కాయల్లాంటి వాయిద్యాలు, ఇచ్చాడు. ఒక్కో మాటకూ మధ్య లెమన్ వాటిని ఆడిస్తూ మైమరచి ఊగుతాడు. నిండిన హాల్లో ఆ ఊగుడు మీద జనం నవ్వుకుంటారు, తర్వాతి మాట వినపడుతుంది. ఒంటరిగా చూసేవాడికి ఆ ఊగుడే తమాషా. ఖాళీ ఉంది కానీ ఖాళీగా లేదు.

ఫోన్లో చూసేవాళ్లు ఇంతమంది ఉన్న ఈ రోజుల్లో నాకు వైల్డర్ పద్ధతే సరైనదనిపిస్తుంది. మన సీనులో లేస్తున్న పేపరు ఆ పనే చేస్తోంది. నాలుగు సెకన్లూ ఏదో జరుగుతూనే ఉంది కాబట్టి, నవ్వు ఉన్నా లేకపోయినా సీను ఆగినట్టు ఉండదు. పేపరు ఆగాక నేను దాదాపు ఇరవై ఫ్రేములు ఇచ్చి "నాలుగు" వినిపిస్తాను. నాయనమ్మ ముఖం చూపించను. ఆమె మీద తీసిన మిడ్ షాటు చాలా బావుంది, అయినా వాడను. వైడ్‌లోనే, చిక్కుడుకాయల మీద వంగిన తల నుంచి మాట వస్తే, ఇన్నాళ్ల కాపురంలో ఆమెకు అన్నీ తెలుసన్న సంగతి కొత్తగా తెలుస్తుంది. ఆమె మీదకు కట్ చేస్తే "ఇప్పుడీమె ఏదో అనబోతోంది" అని ముందే చాటింపు వేసినట్టవుతుంది. మాట తర్వాత పేపరు ఒక్కసారి కదలాలి, ఆ కదలిక మొదలైన వెంటనే సీను అయిపోవాలి. దాని మీద ఇంకో రియాక్షన్ పెట్టాలని ఎవరు బతిమాలినా వినకూడదు.

పాజులో శబ్దం సంగతి జనం పట్టించుకోరు కానీ, అది లేకపోతే పాజే నిలబడదు. మాటలు తీసేసిన చోట ట్రాకు పూర్తిగా మూగబోతే, సౌండు పోయిందేమోనని ప్రేక్షకుడు ఉలిక్కిపడతాడు. అందుకే లొకేషనులో అందరినీ మాట్లాడవద్దని, ఆ హాలు మామూలు చప్పుడు అర నిమిషం రికార్డు చేసుకుంటారు. రూమ్ టోన్ అంటారు దాన్ని. ఫ్యాను గిరగిర, బయట వీధి అలికిడి. దాని మీద చిక్కుడుకాయ ఈనె తీసిన చిన్న టక్ ఒకటి వేస్తే, ఎవరూ మాట్లాడటం లేదన్న సంగతి ఇంకా బాగా వినపడుతుంది. ఇక్కడ రీరికార్డింగులో "టొయ్" మనే శబ్దమో, తుళ్లిపడే క్లారినెట్టో వెయ్యకుండా చూసుకోవాలి. సంగీతం వచ్చిన క్షణంలో ప్రేక్షకుడు తనంతట తాను కనిపెట్టాల్సిన దాన్ని ఎవరో చెప్పేసినట్టవుతుంది.

ఇదంతా సరిపోయిందో లేదో ఎడిటర్ తనకు తాను చెప్పుకోలేడు. యాభయ్యోసారి చూసే జోకుకు ఎవరికీ నవ్వు రాదు. అప్పుడు చెయ్యి ఊరుకోదు, ఇంకా టైట్ చేద్దాం అనిపిస్తుంది. పన్నెండు ఫ్రేములు ఎనిమిదవుతాయి, ముప్ఫై ఇరవై అవుతాయి. తనకు బోరు కొట్టిందని కోసిన ఆ ఫ్రేములే మొదటిసారి చూసేవాడికి కావలసినవి. అందుకని మొదట నచ్చిన కట్‌ను విడిగా దాచుకుని, రెండు మూడు రోజులు వేరే రీలు మీద పనిచేసి, తర్వాత రెండూ కలిపి చూడాలి. ఆపైన కథ తెలియని ఓ ఏడెనిమిది మందిని కూర్చోబెట్టి చూపించాలి. తెర వైపు కాకుండా వాళ్ల వైపు చూడాలి. "మూడూ" దగ్గర తలలు కదిలాయా, కోడలి ముఖం మీద నవ్వారా, లేక పేపరు లేచాకనా? కోడలి ముఖానికి ముందే నవ్వితే తాతయ్య తోక కాస్త ఎక్కువైందని అర్థం. పేపరు దాకా ఎవరూ నవ్వకపోతే తోక చాలలేదు, లేదా ప్రశ్న అందలేదు. అయ్యాక ఎలా ఉందని అడిగితే అందరూ బావుందనే అంటారు. ఆ మాటతో పని లేదు.

మన సినిమాల్లో దీనికి ఇంకో మెలిక ఉంది. చాలా సీన్లను లొకేషనులో పట్టిన పైలట్ ట్రాకు మీద ఎడిట్ చేస్తారు. అసలు గొంతు తర్వాత డబ్బింగు థియేటర్లో పడుతుంది. క్లోజులో పెదాలు పట్టిస్తాయి కాబట్టి డబ్బింగు జారదు. కానీ పేపరు వెనక ఉన్న తాతయ్యకూ, తల వంచుకున్న నాయనమ్మకూ పెదాలు కనపడవు. డబ్బింగు చెప్పే మనిషి "ఆ మూడూ" అన్నదాన్ని కొంచెం సాగదీసి చెబితే, మనం ఇచ్చిన పన్నెండు ఫ్రేములు ఏడో ఎనిమిదో అయి కూర్చుంటాయి. కట్ మారలేదు, పాజు మాత్రం పోయింది. పైలట్ ట్రాకుతో పేలిన జోకు డబ్బింగయ్యాక చప్పబడిందంటే మొదట చూడాల్సింది ఇదే. అందుకే డబ్బింగు ట్రాకు వచ్చాక కామెడీ సీన్లను మాత్రం మళ్లీ తెరిచి, మాట చివరి అక్షరం ఎక్కడ ఆగిందో చూసి, అక్కడి నుంచి ఫ్రేములు తిరిగి లెక్కపెట్టుకోవాలి. తాతయ్య షాటును మూడు నాలుగు ఫ్రేములు పొడిగించడమో, ఆయన మాటను ఆ మేరకు ముందుకు జరపడమో చెయ్యాలి. నాయనమ్మ "నాలుగు"కు ఏ పెదాలూ అడ్డు లేవు. దాన్ని ట్రాకు మీద అటూ ఇటూ జరుపుతూ సరైన చోటు దొరికేదాకా వినొచ్చు.